అట్ట వెనక నాలుగు మాటలు: పిల్లలు రాసే బ్లర్బును దిద్దడం ఎలా?



ఏడో తరగతి పిల్లలకు గత నెల ఇంగ్లిష్ పీరియడ్‌లో ఇచ్చిన ప్రాజెక్టు మీలో చాలామంది ఇళ్ళకు వచ్చే ఉంటుంది. లైబ్రరీ నుంచి తమకు నచ్చిన పుస్తకం, తెలుగైనా ఇంగ్లిష్ అయినా, తీసుకుని దానికి బ్లర్బు రాయాలి. పుస్తకం వెనక అట్ట మీద పాఠకుడిని లోపలికి పిలిచే నాలుగైదు వాక్యాలనే బ్లర్బు అంటారు. అది రెండు భాషల్లోనూ రాయమన్నాం. తెనాలి, బాపట్ల, రేపల్లె క్యాంపస్‌ల నుంచి వచ్చిన కాగితాలు చదువుతుంటే నాకు ఒకటి అర్థమైంది. పిల్లలు బాగానే రాశారు, ఇంట్లో పెద్దలు కూడా బాగానే సాయం చేశారు. కానీ ఆ సాయం ఎక్కువగా తప్పు చోట పడింది. అందుకే ఈ నెల ఒకే ఒక్క కాగితాన్ని మీ ముందు పెట్టి, దాన్ని ఎలా దిద్దామో చెబుతాను.

రేపల్లె క్యాంపస్ అమ్మాయి ఒకరు మొక్కపాటి నరసింహశాస్త్రి గారి ‘బారిస్టరు పార్వతీశం’ మొదటి భాగం ఎంచుకుంది. 1924లో వచ్చిన పుస్తకం. మొగల్తూరు కుర్రాడు బారిస్టరు చదువు కోసం ఇంగ్లండు బయలుదేరడం కథ. నిడదవోలులో మద్రాసు బండెక్కుతాడు. ఆ రైలు మన తెనాలి, బాపట్ల స్టేషన్ల మీదుగానే వెళ్ళాలి కదా అని చెబితే క్లాసు మొత్తం నిటారుగా కూర్చుంది.

ఆ అమ్మాయి మొదట తెచ్చిన కాగితం ఇది:

“ప్రపంచంలోనే అత్యంత గొప్ప హాస్య నవల. చదివితే నవ్వు ఆపుకోలేరు. మొగల్తూరులో పార్వతీశం అనే అబ్బాయి ఉంటాడు. అతను బారిస్టరు చదవడానికి ఇంగ్లండు వెళ్తాడు. దారిలో ఎన్నో కష్టాలు పడతాడు. ఒక టోపీ కొంటాడు, కానీ అది…… చివరికి…… ఈ పుస్తకం చదివితే ఆత్మవిశ్వాసం పెరుగుతుంది, విదేశీ చదువుల గురించి పూర్తి అవగాహన కలుగుతుంది. ప్రతి విద్యార్థీ తప్పక చదవాల్సిన పుస్తకం.”

చుక్కలు నేను పెట్టినవి. ఆ రెండు చోట్లా ఆమె అసలు సంగతి చెప్పేసింది. మీలో చదవనివారు ఉండవచ్చు కనుక నేను చెప్పను. మొదటి రెండు వాక్యాలు, చివరి రెండు వాక్యాలు వాళ్ళ నాన్నగారు కలిపారట. ఆయన మంచి మనసుతోనే కలిపారు. ఇబ్బంది వచ్చింది కూడా ఆ నాలుగు వాక్యాలతోనే.

ఆ కాగితాన్ని మూడు క్యాంపస్‌ల నోటీసు బోర్డుల మీదా పెట్టాం. అది చూసి బాపట్లలో ఒక బాబు పుస్తకం తీసుకెళ్ళాడు. వాళ్ళ అన్నయ్య పై చదువులకు విదేశాలకు వెళ్ళే ప్రయత్నంలో ఉన్నాడు. “పూర్తి అవగాహన” అన్న మాట చూసి, వీసా గురించీ కాలేజీల గురించీ ఉంటుందనుకున్నాడు పాపం. మూడో రోజే తిరిగి ఇచ్చేశాడు. “మేడం, ఇందులో ఏమీ లేదు” అన్నాడు. పుస్తకంలో చాలా ఉంది, మనం చెప్పినది మాత్రం లేదు. ఆ తర్వాత బోర్డు మీద ఏ కాగితం పెట్టినా ఆ బాబు ఆగి చదవలేదు. నాకు బాధ కలిగించింది అదే. ఒక పుస్తకం నచ్చకపోతే ఇంకొకటి ఇవ్వవచ్చు. బోర్డు మీది మాట మీదే నమ్మకం పోతే ఏం చేయాలి?

అతిగా పొగడటం బ్లర్బుకు పుట్టుకతో వచ్చిన జబ్బు. అసలు ఆ పేరే ఎగతాళిగా పుట్టింది. 1907లో గెలెట్ బర్జెస్ అనే అమెరికన్ హాస్య రచయిత తన పుస్తకం అట్ట మీద గొంతెత్తి అరుస్తున్న ఒక అమ్మాయి బొమ్మ వేయించి, ఆమెకు బెలిండా బ్లర్బ్ అని పేరు పెట్టాడు. పుస్తకాల అట్టల మీద ప్రచురణకర్తలు చేసే హడావుడిని వెక్కిరించడానికి పెట్టిన పేరు, చివరికి ఆ హడావుడికే స్థిరపడిపోయింది.

సరే, దిద్దడం ఎలా మొదలుపెట్టాం? ముందు ఎర్ర పెన్ను తీసుకుని ప్రతి వాక్యాన్నీ ఒక ప్రశ్న అడిగాం: “ఈ మాటను ఇంకో పుస్తకం వెనక అతికిస్తే సరిపోతుందా?” “అత్యంత గొప్ప”, “తప్పక చదవాల్సిన”, “ఆత్మవిశ్వాసం పెరుగుతుంది”, ఇవి ఏ పుస్తకానికైనా అతుకుతాయి. అంటే ఈ పుస్తకం గురించి ఏమీ చెప్పడం లేదన్నమాట. కొట్టేశాం. “ఎన్నో కష్టాలు” కూడా అలాంటిదే. ఏ కష్టమో ఒక్కటి చూపిస్తే చాలు. “విదేశీ చదువులు” అన్నది అతుకుతుందా అతకదా అన్న సంగతి అటుంచితే అది నిజమే కాదు, కనుక అదీ పోయింది. “నవ్వు ఆపుకోలేరు” దగ్గర అమ్మాయి కాస్త పోట్లాడింది. “నాకు నిజంగానే నవ్వొచ్చింది కదా మేడం!” వచ్చి ఉంటుంది. కానీ నవ్వు వస్తుందని ముందే చెబితే చదివేవాడు చేతులు కట్టుకుని ‘ఏదీ నవ్వించు’ అని కూర్చుంటాడు. పెళ్ళిలో జోకు చెప్పేముందు “ఇది వినండి, పడి పడి నవ్వుతారు” అనే బాబాయి సంగతి మనకు తెలియనిదా?

ఇంకో కారణమూ ఉంది. ఈ కథ చెప్పేది పార్వతీశమే. తాను చేసే ప్రతి పనీ సబబైనదే అన్నట్టు చాలా గంభీరంగా చెబుతాడు. హాస్యం అక్కడే ఉంది. కాబట్టి బ్లర్బు కూడా నవ్వకుండా మాట్లాడాలి. దయ్యాల కథకు బ్లర్బు రాస్తే స్వరం వేరుగా ఉండాలి, సైన్సు పుస్తకానికి వేరుగా ఉండాలి. పుస్తకం ఏ గొంతుతో మాట్లాడుతుందో అట్ట కూడా అదే గొంతుతో మాట్లాడితే, తీసుకున్నవాడు మోసపోడు.

తర్వాత కథ ముందే చెప్పేయడం. ఇక్కడ పిల్లలకు ఒక అనుమానం వచ్చింది, మంచి అనుమానమే. “పేరులోనే బారిస్టరు అని ఉంది కదా, ఇంకా దాచేదేముంది?” నిజమే. కొన్ని పుస్తకాలు తమ గమ్యాన్ని పేరులోనే చెప్పేస్తాయి, దానివల్ల ఏ నష్టమూ లేదు. ఎందుకంటే ఈ పుస్తకం చదివేది అతను ఎక్కడికి చేరతాడా అని కాదు, ఎలా వెళ్తాడా అని. అందువల్ల ఇందులో ముగింపు కన్నా టోపీ సంగతి దాచడమే ముఖ్యం. పాఠకుడికి ఏది తెలిస్తే పేజీ తిప్పాల్సిన అవసరం తీరిపోతుందో, అదే చెప్పకూడనిది. అది చివరి పేజీలోనే ఉండాలని లేదు.

మేము పెట్టుకున్న కొండగుర్తు ఏమిటంటే, పుస్తకంలో మొదటి నాలుగో వంతు దాటాక జరిగేదేదీ బ్లర్బులోకి రాకూడదు. రెండు వందల పేజీల పుస్తకమైతే యాభయ్యో పేజీ దగ్గర ఆగిపోవాలి. అంతకు ముందున్నదైనా, ప్రశ్న వరకే చెప్పి జవాబు లోపలే ఉంచాలి. చందమామ చదివిన తరం మీది కాబట్టి ఒక పోలిక చెబుతాను. వారపత్రికల సీరియల్‌కు పైన వేసే “జరిగిన కథ” లాగా పిల్లలు రాస్తారు. మనకు కావలసింది బేతాళుడు. అతను కథ చెప్పి, చిక్కుముడి దగ్గర ఆగి, ప్రశ్న వేస్తాడు. కాకపోతే మన బ్లర్బులో విక్రమార్కుడి జవాబు ఉండదు.

ఆ అమ్మాయి టోపీ వాక్యాన్ని నాలుగు సార్లు తిరగరాసింది. మొదట తిరకాసు చెప్పింది. రెండోసారి “ఆ టోపీలో ఒక భయంకర రహస్యం ఉంది” అంది. అది మళ్ళీ అతి, చదివేవాడు డిటెక్టివ్ కథ అనుకుంటాడు. మూడోసారి టోపీనే తీసేసింది, అప్పుడు బ్లర్బు చప్పబడింది. నాలుగోసారి పార్వతీశం కళ్ళతో చూసింది. చివరికి తేలింది ఇది:

“మొగల్తూరు కుర్రాడు పార్వతీశానికి బారిస్టరు కావాలని బుద్ధి పుట్టింది. పందుంపుల్లలతో సహా సామాను సర్దుకుని మద్రాసు బండెక్కాడు. అచ్చం దొరలా కనిపించాలని ఒక టోపీ కొన్నాడు. జనం తనను చూసి ఎందుకు నవ్వుతున్నారో మాత్రం అతనికి అర్థం కాలేదు. ఇంతా చేసి ఇంకా ఓడ ఎక్కనే లేదు! మూడు భాగాల నవలలో ఇది మొదటిది. వందేళ్ళ నాటి తెలుగు. మొదటి పది పేజీలు నెమ్మదిగా చదవండి.”

చివరి రెండు వాక్యాల గురించి స్టాఫ్ రూమ్‌లో చర్చ జరిగింది. పాత తెలుగు అని చెబితే ఇంగ్లిష్ మీడియం పిల్లలు భయపడి తీసుకోరని ఒకరి వాదన. నా ఉద్దేశం వేరు. చెప్పకపోతే తీసుకుంటారు, అయిదో పేజీలో ఆగి, తమకు తెలుగు రాదని అనుకుంటారు. చెబితే, కష్టం తమలో లేదని ముందే తెలుస్తుంది. మూడు భాగాలని చెప్పడం కూడా అంతే. మొదటి భాగం చేతిలో పెట్టి మొత్తం కథ ఇస్తున్నట్టు మాట్లాడకూడదు.

బ్లర్బు కుదిరిందో లేదో మీరు ఇంట్లోనే చూడవచ్చు. పుస్తకం చదవని ఒకరికి దాన్ని వినిపించి, “చివరికి ఏమవుతుందనుకుంటున్నావు?” అని అడగండి. జవాబు టక్కున, సరిగ్గా వచ్చేస్తే ఎక్కువ చెప్పేశామన్నమాట. “ఏమో, చెప్పు” అని ఎదురు అడిగితే కుదిరినట్టు. “అసలు ఎవరి గురించి?” అంటే మరీ దాచేశాం. అలాగే పుస్తకం చదివినవారు ఇంకొకరు ఉంటే, “ఇందులో నిజం కానిది ఏది?” అని అడగండి. ఇద్దరూ దొరక్కపోతే మొదటి పరీక్షకు తాతగారో అమ్మమ్మగారో చాలు. ఒక్క మనవి: మీ మాటలు కలపకండి. ఎక్కడ అర్థం కాలేదో చెప్పి, పెన్ను పిల్లల చేతికే ఇవ్వండి.

కొత్త కాగితం మళ్ళీ బోర్డు ఎక్కింది. బాపట్ల బాబు దాన్ని తనంతట తాను చదవలేదు, స్నేహితుడు లాక్కొచ్చి చూపించాడు. “ఎందుకు నవ్వుతున్నారు?” అని నన్నే అడిగాడు. పుస్తకం ఇచ్చాను. ఈసారి కూడా భాష దగ్గర తడబడ్డాడట, వాళ్ళ నాయనమ్మ పక్కన కూర్చుని చదివి వినిపించారట. వారం తర్వాత నేను బాపట్ల క్యాంపస్‌కు వెళ్ళినప్పుడు లైబ్రరీ గుమ్మంలోనే ఎదురై, “మేడం, ఆ టోపీ ఏంటంటే…” అని మొదలుపెట్టాడు. పక్కనే వరుసలో తన వంతు కోసం నిలబడ్డ పాప రెండు చెవులూ మూసుకుని, “మేడం, వీడు చెప్పేస్తున్నాడు!” అని ఒక్క అరుపు అరిచింది.