పేరు యజమానిదా, ఊరిదా?

మా మౌలాలికి ఉప్పల్ స్టేడియం దగ్గరే. అక్కడ ఆడిన డెక్కన్ ఛార్జర్స్ 2009లో ఐపీఎల్ గెలిచింది. ఆ పేరులో దక్కన్ ప్రాంతమూ ఉంది, యజమాని అయిన డెక్కన్ క్రానికల్ కూడా ఉంది. 2012 సెప్టెంబర్‌లో బీసీసీఐ ఆ ఒప్పందాన్ని రద్దు చేసింది. వెంటనే హైదరాబాద్ ఫ్రాంచైజీని సన్ టీవీ కొనుక్కుంది. పేరు, ఎద్దు బొమ్మ, జెర్సీ రంగు అన్నీ పోయాయి. 2009 కప్పు కూడా కొత్త టీమ్ లెక్కలోకి రాలేదు. అందుకే రికార్డుల్లో సన్‌రైజర్స్‌కి 2016 టైటిల్ ఒక్కటే కనిపిస్తుంది. మారనివి రెండే: ఉప్పల్ గ్రౌండ్, హైదరాబాద్ అనే మాట. కొత్త పేరులోనూ ముందున్నది యజమాని గుర్తే, చూడండి.

మా వీధి టెన్నిస్ బాల్ జట్టుకి ఇదే చిక్కు వచ్చింది. జెర్సీల డబ్బు ఇస్తానన్న ఒక షాపు ఓనర్ తన షాపు పేరే జట్టుకి పెట్టమన్నాడు. నేను ఒప్పుకోలేదు. వచ్చే ఏడు ఆయన ఇవ్వకపోతే పేరు మార్చాలి, అప్పటిదాకా గెలిచిన మ్యాచ్‌లు ఎవరి ఖాతాలో వేసుకుంటాం? వీపు మీద, చేతుల మీద షాపు పేరు వేస్తాం, ఛాతీ మీద మాత్రం మౌలాలి అని చెప్పాం. కాసేపు అలిగి ఒప్పుకున్నాడు.

రంగు సంగతి తొందరగానే తేలింది. టెన్నిస్ బాల్ పసుపు పచ్చగా ఉంటుంది. బౌలర్ జెర్సీ కూడా అదే రంగయితే చేతిలోంచి బాల్ వదిలేది బ్యాట్స్‌మన్‌కి సరిగా ఆనదు. అందుకే మెరూన్. ఎర్రమట్టి మరకలు కూడా అంతగా కనబడవు.

ముద్రకి మౌలాలి గుట్ట గీత ఒక్కటే తీసుకున్నాం. మొదటి డ్రాయింగ్‌లో గుట్ట, రైలింజన్, బ్యాట్, స్టంప్స్ అన్నీ ఉండేవి. దాన్ని రెండు సెంటీమీటర్ల సైజులో నలుపు తెలుపులో ప్రింట్ తీస్తే సిరా మరకలా వచ్చింది. ఇంత చిన్నగా, రంగు లేకుండా గుర్తుపట్టలేని బొమ్మని బౌండరీ అవతలి నుంచి కూడా ఎవరూ గుర్తుపట్టలేరు.

ఇక కేక. ఇక్కడ మన ఛందస్సు క్లాసు పనికొచ్చింది. ‘మౌలాలి’ గురువు, గురువు, లఘువు: అంటే త గణం. అరిచేటప్పుడు చివరి ‘లి’ని ఎవరైనా సాగదీస్తారు, అది ‘లీ’ అయి మూడూ గురువులవుతాయి. నాలుగో దెబ్బకి చప్పట్లు. మౌ, లా, లీ, చప్పట్! రెండేసి మాత్రల చొప్పున ఎనిమిది మాత్రలు, చతురస్రంలో సరిగ్గా కూర్చుంటుంది. ‘సన్‌రైజర్స్’ కూడా మూడు గురువులే, కానీ చివర ‘ర్స్’ దగ్గర గొంతు మూసుకుపోతుంది. ‘లీ’ అచ్చుతో ముగుస్తుంది కాబట్టి ఊపిరి ఉన్నంతసేపు లాగొచ్చు. మా జట్టు వికెట్ తీసినప్పుడు చప్పట్లు మానేసి అదే చేస్తారు. అవతలి జట్టు బ్యాట్స్‌మన్ పిచ్ దాటి వెళ్ళేదాకా ఆ ‘లీ’ ఆగదు.