అంగడి పద్దు పుస్తకం నుండి జమ–ఖర్చు పట్టిక

యాగంటికి పోయే దారిలో ఒక చిన్న కిరాణా అంగడి ఉంది. యజమాని చనిపోయాక, ఎవరు ఎంత బాకీ ఉన్నారో తేల్చి ఇవ్వమని ఆయన భార్య తన అప్పు పుస్తకం మా ముందు పెట్టింది. "ఎవరి దగ్గరా ఒక్క రూపాయి ఎక్కువ అడగొద్దు బేటా" అన్నది.

ఒక్కో ఖాతాదారుకు ఒక్కో పేజీ ఉంది. 2023 నవంబరు నాటి ఒక పేజీలో ఉన్నది ఇంతే: వెనుకటి బాకీ 1,240, 3న సరుకు 260, తారీఖు లేకుండా సరుకు 185, "కార్తీక మొదటి సోమవారం, ఇచ్చినది 500", 22న సరుకు 315, చివర నిలవ 1,500.

కంప్యూటరు పట్టికలో మేము ఆరు నిలువు గడులు పెట్టుకున్నాము: తారీఖు, పుస్తకంలో ఉన్న మాట, పేజీ–వరుస సంఖ్య, ఖర్చు, జమ, నిలవ. రెండో గడిలో అక్షరం మార్చకుండా ఉన్నది ఉన్నట్టే ఎక్కించాలి. మన ఊహ తప్పితే వెనక్కి వచ్చి చూసుకోవడానికి అదొక్కటే దారి.

మొదటిసారి మేము పొరబడింది "ఇచ్చినది" అన్న మాట దగ్గరే. ఎవరు ఎవరికి ఇచ్చారు? అంగడాయన సరుకు ఇచ్చాడనుకొని ఆ 500 ఖర్చు గడిలో వేశాము. నిలవ 2,500 వచ్చింది. పుస్తకంలో 1,500 ఉంది. తేడా 1,000, అంటే 500కు సరిగ్గా రెట్టింపు. తేడా ఏదైనా ఒక పద్దుకు రెట్టింపుగా వస్తే, ఆ పద్దు ఎదుటి గడిలో పడిందేమో ముందు చూడాలి. ఇక్కడ సరుకు పద్దులన్నిటికీ "సరుకు" అనే రాసుకున్నాడు. ఇది ఖాతాదారు కట్టిన డబ్బు. జమలోకి మార్చగానే లెక్క కుదిరింది. గమనించకపోతే ఒక కూలిమనిషిని వెయ్యి రూపాయలు ఎక్కువ అడిగేవాళ్ళం.

నిలవ గడిలో మొదటి వరుసకు 1,240 వేసి, రెండో పద్దు నుండి ఈ సూత్రం కిందికి లాగితే చాలు:

```
=F2+D3-E3
```

315ను 351 అని చదివితే తేడా 36 వస్తుంది. అంకెలు తారుమారైనప్పుడు తేడా తొమ్మిదితో నిశ్శేషంగా పోతుంది. చేతిరాతలో ఇది తరచూ జరిగేదే. అయితే ఒకదానికొకటి సరిపోయే రెండు తప్పులు ఉంటే నిలవ కుదిరినా పట్టుబడవు. అందుకే ఇద్దరం కూర్చొని, ఒకరు పైకి చదువుతూ ఒకరు సరిచూశాము.

ఇక తారీఖులు. ఆ ఏడు కార్తీకమాసంలో మొదటి సోమవారం నవంబరు 20. యాగంటిలో ఆనాడు జనం ఎక్కువ కాబట్టి అంగడివాళ్ళు రోజును అలాగే గుర్తు పెట్టుకుంటారు. పంచాంగం చూసి 20-11-2023 అని వేశాము. 185 పద్దుకు మాత్రం తారీఖు గడి ఖాళీగానే ఉంచాము. అది 3కు 20కి మధ్య వరుసలో ఉందన్న మాట నిజమే, కానీ ఏ రోజో పుస్తకం చెప్పలేదు. వరుస సంఖ్య ఉంది కనుక పట్టికను తారీఖుల ప్రకారం సర్దినా దాని చోటు పోదు.

ఇంకో పేజీలో యజమాని వేసిన కూడికే 40 రూపాయలు తక్కువగా ఉంది. దాన్ని దిద్దలేదు. పుస్తకంలోని నిలవ, మా నిలవ పక్కపక్కనే రాసి, ఏది అడగాలో ఆమెకే వదిలాము. ఆమె తక్కువదే అడిగింది.