గల్ఫ్‌లో బెట్టింగ్‌కు పోయిన పైసలు: ఈ కథ ఎలా రాయాలి?

మొదటిసారి కథ రాయబోతున్న కమలాపూర్, సిరొంచ, అహేరి వైపు యువకులకు, యువతులకు ఈ నాలుగు మాటలు. గల్ఫ్ వెళ్లిన ఒక కూలీ దాచుకున్న డబ్బంతా బెట్టింగ్ యాప్‌లో పోగొట్టుకుని మెల్లగా కోలుకోవడం మొదలుపెడతాడు, అంతే కథ. ఇలాంటి కథలు చాలావరకు రెండు చోట్ల చెడిపోతాయి. కొందరు పందెం గెలుపోటములను సినిమాలా రాస్తారు. మరికొందరు చివర ఒక పెద్దమనిషిని తెచ్చి నీతి చెప్పిస్తారు. డబ్బు ఎటు పోయిందో, ఏ మాట దగ్గర మనిషి తిరిగి నిలబడ్డాడో మాత్రం రాయరు. నా లెక్కలో అసలు కథ వాళ్లు రాయని ఆ రెండింటిలోనే ఉంది.

ముందు జీతం లెక్క రాయండి

కాగితం మీద మొదట రాయాల్సింది పాత్ర స్వభావం కాదు, అతని నెల లెక్క. మన మనిషికి సమ్మయ్య అని పేరు పెడదాం. ఊరు కమలాపూర్. తెలుగు, మాడియా, మరాఠీ కలిసి వినిపించే ఊరు అది. అటవీ శాఖ ఏనుగుల క్యాంపు ఉన్న ఊరు. ఈ ప్రాంతం కూలీలు ఏటా మిర్చి ఏరడానికి తెలంగాణ వైపు వెళ్తారు. సమ్మయ్య అంతకంటే దూరం వెళ్లాడు. అక్కను ఇచ్చింది జగిత్యాల వైపు, బావ అప్పటికే దుబాయ్‌లో ఉన్నాడు. ఏజెంటుకు 80,000 రూపాయలు కట్టి అతని వెనకాలే విమానం ఎక్కాడు.

ఆ 80,000 నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చింది. అంటే నెలకు 2,400 మిత్తికే పోతుంది, అసలు అలాగే ఉంటుంది. జీతం 1,200 దిర్హాములు, గది కంపెనీది. తిండికి, ఫోనుకు 300. ఇంటికి 700. చేతిలో 200 మిగులుతుంది. దిర్హాము 23 రూపాయలనుకుంటే ఇంటికి చేరేది 16,100. పద్దెనిమిది నెలలకు సమ్మయ్య దగ్గర 3,600 దిర్హాములు పోగయ్యాయి. మన డబ్బులో 82,800. అసలు మొత్తం ఒక్క దెబ్బకు తీర్చేయగలిగేటంత సొమ్ము.

ఈ లెక్క చేతిలో ఉంటే సమ్మయ్య ఎందుకు పందెం కాశాడో వేరే వివరించక్కర్లేదు. అతనికి దురాశ లేదు. అప్పు తీరాక ఇల్లు కట్టడానికి ఇంకో మూడేళ్లు పడుతుందని తెలుసు, ఆ మూడేళ్లను తగ్గించుకోవాలనుకున్నాడు. మీ పాత్రకూ ఇలాంటి కారణం ఒకటి ఉండాలి. "చెడు సావాసం" అని రాసి వదిలేస్తే చదివేవాళ్లు సమ్మయ్యను దూరం పెడతారు, కథను కూడా.

ఆట ఎలా లాగుతుందో తెలుసుకుని రాయండి

క్యాంపు గదిలో ఎవరో ఒక వాట్సాప్ నంబర్ ఇస్తారు. అటు నుంచి ఒక ఐడీ, ఒక పాస్‌వర్డ్ వస్తాయి. సమ్మయ్య మొదట 50 దిర్హాములు వేస్తాడు. ఆ రాత్రే 90 అవుతాయి, అడగగానే చేతికొస్తాయి. ఈ 90ని కథలో తప్పకుండా పెట్టండి. డబ్బు నిజంగా తిరిగొస్తుందన్న నమ్మకం కుదిరేది అక్కడే.

తరువాత విమానం ఎగిరే ఆట. తెర మీద విమానం లేస్తుంటే పందెం విలువ పెరుగుతూ పోతుంది. అది మాయమయ్యేలోపు బయటికి రావాలి. ఒక్కో ఆట నిమిషం కూడా ఉండదు. ఇలాంటి ఆటల్లో వందకు 97 తిరిగిస్తామని పేరున్న కంపెనీలు ప్రకటిస్తాయి. దొంగ యాప్‌లలో ఆ హామీ కూడా ఉండదు. సరే, 97 నిజమే అనుకుందాం. గంటలో 20 దిర్హాముల చొప్పున యాభై ఆటలు ఆడితే పందెంలో తిరిగిన డబ్బు 1,000, సగటున పోయేది 30. మరి జీతానికి జీతం ఎలా పోతుంది?

పోయింది రాబట్టాలని పందెం రెట్టింపు చేయడం వల్ల. 10 పోయింది, 20 వేశాడు. తరువాత 40, 80, 160, 320. ఆరు ఆటలు వరుసగా ఓడితే 630 దిర్హాములు, సగం జీతం కంటే ఎక్కువ. అదీ మొదట పోయిన పది కోసం. రెట్టింపు రాగానే బయటికొచ్చేవాడికి వరుసగా ఆరు ఓటములు తగిలే అవకాశం దాదాపు యాభైలో ఒకటి. వినడానికి తక్కువే. కానీ రాత్రంతా ఆడేవాడికి అలాంటి వరుస ఎదురుకాకుండా తెల్లారడం కష్టం.

ఇంకో సంగతి. విమానం రెండు రెట్లకు చేరేలోపే, 1.98 దగ్గర మాయమవుతుంది. అది ఓటమే. కానీ మనసు దాన్ని "కొంచెంలో తప్పింది" అని లెక్కేసుకుంటుంది, ఆ కొంచెమే మళ్లీ ఆడిస్తుంది. జూదాన్ని చదివినవాళ్లు దీన్ని చాలాకాలంగా గమనిస్తున్నారు. 2013లో అమెరికా మానసిక వైద్యుల సంఘం తన వ్యాధుల వర్గీకరణలో జూదాన్ని మద్యం, మత్తుమందుల వ్యసనాల సరసన చేర్చింది. సమ్మయ్యను తెలివితక్కువవాడిగా రాయకూడదని నేను గట్టిగా అనేది అందుకే.

పందేల వర్ణన ఒక్క పేజీ దాటనివ్వకండి. అంతకు మించితే చదివేవాళ్లకు కూడా ఆట మీద ఆశ పుడుతుంది.

రెండు ఊళ్లను ఒకే నెలలో పెట్టండి

ఐపీఎల్ మార్చి చివర మొదలై మే దాకా సాగుతుంది. మన అడవుల్లో తునికాకు కోసేదీ ఆ ఎండల్లోనే. సమ్మయ్య భార్య సరోజ చీకటి ఉండగానే అడవికి వెళ్తుంది, కట్టలు కడుతుంది, సాయంత్రం కల్లం దగ్గర లెక్క అప్పజెప్పుతుంది. అదే రాత్రి సమ్మయ్య మంచం మీద దుప్పటి కప్పుకుని అదే యాప్‌లో తరువాతి ఓవర్ మీద పందెం కాస్తాడు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టండి, పోలిక మాత్రం మీరు చెప్పకండి. కల్లం దగ్గర ఆమెకు వచ్చిన రోజు కూలి ఎంతో ఒక వాక్యంలో, అతను ఒక ఓవర్‌కు వేసింది ఎంతో ఇంకో వాక్యంలో రాస్తే చాలు.

అబద్ధాలు ఒక వరుసలో పెరగాలి. మొదట "జీతం లేట్ అయింది". తరువాత "ఓవర్‌టైం పైసలు ఆపిండ్రు". ఆ పైన గదిలోవాళ్ల దగ్గర అప్పు, "ఇంట్ల పాణం బాగలేదు" అని. ఒక్కో అబద్ధానికి ఎంత డబ్బో పక్కన రాసుకోండి. మన కథలో దాచిన 3,600 పోయింది, గదిలోవాళ్ల దగ్గర తెచ్చిన 1,500 పోయింది, ఒక నెల ఇంటికి పంపాల్సిన 700 పోయింది. మొత్తం 5,800 దిర్హాములు, అంటే 1,33,400 రూపాయలు. ఆ నెల గడవడానికి సరోజ బచత్ గట్‌లో 15,000 అప్పు తీసుకుంది. అతనికి చెప్పలేదు.

కోలుకోవడం ఒక ఫోన్‌తో మొదలవ్వాలి

కొత్తగా రాసేవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే. చివర ఒక పెద్ద గెలుపు పెడతారు, లేదా ముదీర్ జాలిపడి డబ్బిస్తాడు. అలా చేస్తే పందెమే మనిషిని కాపాడిందని, లేదా అదృష్టం కాపాడిందని అర్థం వస్తుంది. ఆత్మహత్యను మలుపుగా వాడటం అంతకంటే చెడ్డది. నష్టపోయినవాడు బతకాలని లేదన్నాడంటే అతన్ని ఒంటరిగా వదలకూడదు. కథలోనైనా పక్కనున్న మనిషి చేయాల్సింది అదే.

మలుపు నిజం చెప్పడమే. ఆ మాటలు చిన్నవిగా ఉండాలి.

"పైసలు లేవు సరోజా. పోయిన నెలవి గాదు, అన్నీ లేవు."

"అన్నీ అంటే?"

"దాచినయి గూడ. ఫోన్ల ఆడిన."

అటువైపు కాసేపు మాట లేదు.

"ఇంకా ఎవలకన్న ఇచ్చేదున్నదా? మొత్తం జెప్పు. ఒక్కటి దాచినా ఇగ నేను మాట్లాడ."

సరోజ ఏడవచ్చు, తిట్టవచ్చు, అది మీ ఇష్టం. మొత్తం చెప్పమని అడగడం మాత్రం ఉండాలి. సగం చెప్పినవాడు దాచిన అప్పు తీర్చడానికి మళ్లీ యాప్ తెరుస్తాడు.

తరువాత బావ రంగంలోకి వస్తాడు, ఉపన్యాసంతో కాదు, పనులతో. యాప్ తీయించాడు, ఐడీ ఇచ్చిన వాట్సాప్ నంబర్ బ్లాక్ చేయించాడు, టెలిగ్రాం బెట్టింగ్ గ్రూపుల్లోంచి బయటికి తెచ్చాడు, ఫోన్‌లో దాచిన కార్డు వివరాలు చెరిపించాడు. జీతం పడ్డ రోజే "నడువు బామ్మర్దీ" అని వెంటబెట్టుకుని ఎక్స్ఛేంజ్‌కు తీసుకెళ్లాడు. 700 ఇంటికి వెళ్లాకే ఇద్దరూ క్యాంపుకు తిరిగొచ్చారు. ఆడాలన్న కోరిక అణచుకోలేనంతగా లేస్తుంది, కాసేపు ఆగితే తగ్గుతుంది. చేతిలో డబ్బు లేకుండా చూసుకోవడం వల్ల ఆ కాసేపు గట్టెక్కుతుంది.

లెక్క ఇక్కడ మళ్లీ రావాలి. చేతిలో మిగిలే 200లో 150 గదిలోవాళ్లకు, మిగతాది అవసరాలకు. 1,500 తీరడానికి పది నెలలు. ఆ తరువాత నెలకు 200 దాచుకుంటూ పోతే 3,600 మళ్లీ పోగవడానికి పద్దెనిమిది నెలలు. రెండేళ్ల నాలుగు నెలలకు అతను బయల్దేరిన చోటికి చేరతాడు, అదీ ఇంటికి పంపే 700లోంచి సరోజ బచత్ గట్ కిస్తీ కూడా కట్టుకుంటే. ఈ సంఖ్యను కథలో సమ్మయ్య చేతే చెప్పించండి.

నడుమ ఒక జారుడు పెట్టండి. "పోయిన డబ్బు తిరిగి ఇప్పిస్తాం, ముందు 300 ఫీజు కట్టు" అని ఒక కాల్ వస్తుంది. నష్టపోయినవాళ్ల వెంట ఇలాంటి దొంగలు పడటం నిజంగా జరుగుతున్నదే. సమ్మయ్య 300 కోసం జేబు తడుముకుంటాడు, బావకు ఫోన్ చేస్తాడు. కడతాడా లేదా అన్నది కాదు, ఈసారి ముందుగా ఎవరికి చెప్పాడన్నదే కథ.

చట్టం గురించి రెండు మాటలు

కాలం తేడా రాకుండా చూసుకోండి. తెలంగాణ 2017లోనే ఆన్‌లైన్ పందేలను నిషేధించింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధించే చట్టానికి 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం వచ్చింది. అందులో శిక్ష ఆట నడిపేవాళ్లకూ, ప్రచారం చేసేవాళ్లకూ ఉంది, ఆడి పోగొట్టుకున్నవాడికి లేదు. దుబాయ్‌లో అనుమతి లేని జూదం నేరం, కాబట్టి సమ్మయ్య అక్కడి పోలీసుల దగ్గరికి వెళ్లడానికి భయపడటం సహజమే. ఛత్తీస్‌గఢ్‌లో బయటపడ్డ మహాదేవ్ యాప్‌ను దుబాయ్ నుంచే నడిపారని ఈడీ ఆరోపించింది. ఈ వివరాలన్నీ కథలో కుక్కకండి. ఏ ఏడాది కథో మీకు తెలిస్తే పాత్రలు తప్పు మాట్లాడవు.

రాశాక

రాసింది ఇద్దరికి వినిపించండి: గల్ఫ్ క్యాంపులో ఉండి వచ్చినవాళ్లలో ఒకరికి, ఇంటి దగ్గర డబ్బు కోసం ఎదురుచూసిన ఆడమనిషి ఒకరికి. మొదటివాళ్లను లెక్కలు సరిగ్గా ఉన్నాయా అని అడగండి. రెండో మనిషిని, సమ్మయ్య అబద్ధమాడుతున్నాడని ఏ వాక్యం దగ్గర తెలిసిందని అడగండి. మీరు అనుకున్న చోటుకంటే ముందే ఆమె పట్టేస్తుంది. సరోజ కూడా అక్కడే పట్టేసి ఉంటుంది కాబట్టి కథను ఆమె మాట ప్రకారం దిద్దండి.

అచ్చుకు ఇచ్చేటప్పుడు కథ కింద రెండు నంబర్లు వేయమని సంపాదకుణ్ని అడగండి. మన దేశంలో ఉన్నవాళ్లకు టెలీ మానస్ 14416, డబ్బు తీసుకోరు, తెలుగులోనూ మరాఠీలోనూ మాట్లాడతారు. దుబాయ్‌లో ఉన్నవాళ్లకు ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం 800 46342.