తాతయ్య చేతిరాత ఉత్తరం, ఫోన్ కెమెరా, ఒక ఇంగ్లీష్ జవాబు: మధ్యలో పోయిన ఐదు ప్రశ్నలు

మా పిన్ని కూతురు న్యూజెర్సీలో పుట్టి పెరిగింది. తెలుగు గడగడా మాట్లాడుతుంది కానీ చదవడం, రాయడం రాదు. నవంబర్‌లో ఒక రాత్రి వాట్సాప్‌లో నాకు ఒక ఫొటో పంపింది. కింద మెసేజ్: "అన్నయ్యా, తాతయ్య లెటర్ రాశారు. వారం నుంచి నా టేబుల్ మీదే ఉంది. ట్రాన్స్‌లేట్ చేసి రిప్లై కూడా రాశా, ఒకసారి చూస్తావా?"

వాళ్ళ అమ్మని అడగొచ్చుగా అన్నాను. "అమ్మకి చెప్తే తనే ఇండియాకి ఫోన్ చేసి అన్నీ చెప్పేస్తుంది. లెటర్ నాకు వచ్చింది కదా" అంది. పాయింటే. పైగా తాతయ్యకి ఈ మధ్య చెవి బాగా మందగించింది. ఫోన్‌లో సగం మాటలు వినపడవు, అందుకే ఉత్తరం రాశారు. ఆయన రిటైర్డ్ లెక్కల లెక్చరర్ కాబట్టి ఇంగ్లీష్ జవాబు హాయిగా చదువుకుంటారు. చదివి అమ్మమ్మకి తెలుగులో వినిపిస్తారు.

రిప్లై చూశాను. నీట్‌గానే ఉంది. కానీ తాతయ్య అడిగిన వాటిలో మూడింటికే జవాబు ఉంది. ఉత్తరంలో నేను లెక్కపెట్టిన ప్రశ్నలు ఎనిమిది. మిగతా ఐదు ఎక్కడ పోయాయో వెతికిన కథే ఈ ఆర్టికల్. మీ ఇంట్లోనూ ఇలాంటి ఉత్తరం ఉంటే ఇదే పద్ధతి పనికొస్తుంది.

ముందు ఫొటో సంగతి

తను రాత్రి ట్యూబ్‌లైట్ కింద, మంచం మీద కాగితం పెట్టి, దగ్గర్నుంచి తీసింది. అందులో మూడు సమస్యలు కనిపించాయి. ఒకటి, చేతి నీడ. రెండోది, ఫోకస్. పెద్ద సెన్సార్ ఉన్న ఫోన్లలో మెయిన్ కెమెరాని కాగితానికి బాగా దగ్గరగా పెడితే మధ్యలో షార్ప్‌గా వచ్చి అంచుల్లో మెత్తబడుతుంది. కొన్ని ఫోన్లు ఇంకా దగ్గరికి వెళ్తే మనకి చెప్పకుండానే అల్ట్రావైడ్ మాక్రోకి మారిపోతాయి. అందుకే కాస్త వెనక్కి జరిగి 2x జూమ్‌లో తియ్యాలి. పేజీ మొత్తం ఒకే షాట్‌లో పట్టాలని చూడకుండా పైసగం, కిందిసగం విడిగా తీసి, మధ్యలో రెండు మూడు లైన్లు రెండు ఫొటోల్లోనూ ఉండేలా చూసుకుంటే చాలు.

మూడోది, తాతయ్య పొదుపు. సన్నటి గీతల కాగితం, రెండు వైపులా బాల్‌పెన్. వెనక పేజీ రాత ముందుకి కనపడి అక్షరాల మధ్య దెయ్యంలా నిలబడింది. దీనికి ఏ యాప్ అక్కర్లేదు. కాగితం కింద ఒక నల్ల చార్ట్ పేపర్ పెట్టండి. వెనక నుంచి వచ్చే వెలుతురు ఆగిపోయి ఆ దెయ్యం చాలావరకు మాయమవుతుంది. పగటి పూట కిటికీ పక్కన, ఫ్లాష్ లేకుండా తియ్యండి. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే కంప్రెస్ అవుతుంది కాబట్టి డాక్యుమెంట్‌గా పంపండి.

స్కాన్ యాప్‌లో బ్లాక్ అండ్ వైట్ ఫిల్టర్ మాత్రం వద్దు. ఇంగ్లీష్ బిల్లుల మీద అది బాగుంటుంది. తెలుగు చేతిరాతలో ఒత్తులు, గుడులు, తలకట్లు సన్నటి గీతలు. వాటిని ఫిల్టర్ మరకలనుకుని తుడిచేస్తే పదమే మారిపోతుంది.

ఫోన్ ఏం చదివింది, తాతయ్య ఏం రాశారు

మర్నాడు తను మళ్ళీ తీసి పంపింది. ఈసారి నాకు ప్రతి అక్షరమూ స్పష్టం. ఉత్తరంలో అసలు భాగం ఇది:

"చి॥ మనుమరాలికి తాతయ్య ఆశీర్వదించి వ్రాయునది. ఇచ్చట మేము క్షేమము. నీ క్షేమము తెలుపగలవు. అక్కడ చలి మొదలైనదట, స్వెట్టరు వేసుకుంటున్నావా. అమ్మమ్మ పంపిన వడియాలు అందినవో లేదో తెలియలేదు. హాస్టలులో వంట ఎవరు చేస్తారు. పూటకు అన్నము దొరుకుతుందా. కాల్క్యులస్‌లో నీకు కష్టమైన చోటు వ్రాస్తే నేనూ చూస్తాను. మేడమీద గది గోడలు పెచ్చులూడినవి. సంక్రాంతికి సున్నం వేయించమంటావా."

ఒక్క ప్రశ్నార్థకం కూడా లేదు, చూశారా? ఆ తరం చాలామంది పెట్టరు. తెలుగులో ప్రశ్న క్రియ చివరో, ప్రశ్న పదంలోనో ఉంటుంది, వేరే గుర్తు అవసరం లేదు. మా చెల్లి ట్రాన్స్‌లేషన్‌లో ప్రశ్నార్థకం ఉన్నవి వెతికి వాటికే జవాబు రాసింది. స్వెట్టరు, వంట, అన్నం. మూడు. ఇది తన తప్పు కాదు, ఎవరైనా అలాగే చేస్తారు.

మిగిలినవి రకరకాలుగా జారిపోయాయి. "చి॥"లోని రెండు నిలువు గీతలు స్కాన్‌లో 11 అయ్యాయి, దాంతో మొదటి వాక్యమంతా గందరగోళమైంది. "వడియాలు" కాస్తా "పడియాలు" అయింది. తాతయ్య చేతిరాతలో "వ" తలకట్టు కొంచెం విడిపోతుంది, అందుకే "ప" లాగా కనిపిస్తుంది. లేని పదాన్ని ట్రాన్స్‌లేటర్ ఏదో వస్తువు పేరు అనుకుని అలాగే వదిలేసింది. ఇలాంటిది పట్టుకోవడానికి ఒక మార్గం ఉంది. ట్రాన్స్‌లేషన్‌లో అర్థం లేని పదం తగిలితే, స్కాన్ ఇచ్చిన తెలుగు పదాన్ని గట్టిగా చదివించుకుని వినండి. మా చెల్లికి ఫోన్ "పడియాలు" అని వినిపించగానే నవ్వింది. చదవడం రాకపోయినా చెవికి తెలుగు తెలుసు కదా.

ఎనిమిదో ప్రశ్న అసలు స్కాన్‌లోకే రాలేదు. చోటు చాలక తాతయ్య ఎడమ మార్జిన్‌లో నిలువుగా రాశారు: "అమ్మమ్మ అడుగుతోంది, జుట్టుకు నూనె రాస్తున్నావా వదిలేశావా." అడ్డంగా ఉన్న పేజీలో నిలువుగా రాసినదాన్ని యాప్‌లు తరచూ వదిలేస్తాయి. మార్జిన్‌ని విడిగా క్రాప్ చేసి, 90 డిగ్రీలు తిప్పి మళ్ళీ స్కాన్ చెయ్యాలి. మన పెద్దవాళ్ళ ఉత్తరాల్లో చివర్లో గుర్తొచ్చినవన్నీ మార్జిన్లలోనే ఉంటాయి, నాలుగు అంచులూ చూడండి.

ప్రశ్న ఆకారంలో లేని ప్రశ్నలు

ఇక ప్రశ్నల్ని ఎలా లెక్కపెట్టాలి? ఉత్తరాన్ని ఫోన్ చేత చదివించుకుని, వాక్యాల చివరలు వినమన్నాను. "ఆ" అని సాగితే ప్రశ్న. "ఎవరు", "ఎలా", "ఎప్పుడు" ఉంటే ప్రశ్న. "లేదో", "ఉందో" అని "ఓ"తో ఆగి తర్వాత "తెలియలేదు" అంటే అదీ ప్రశ్నే. వడియాలు అందాయో లేదో చెప్పమని దాని అర్థం. "తెలుపగలవు", "వ్రాస్తే చూస్తాను" లాంటివి మర్యాదగా అడగడం. ఇలా చూస్తే ఎనిమిదీ తేలాయి. తను కాగితం మీద ఒకటి నుంచి ఎనిమిది వరకు నంబర్లు వేసుకుంది.

ఏడో నంబర్ దగ్గర ఆగాం. సున్నం ప్రశ్నని ట్రాన్స్‌లేటర్ పదానికి పదం సరిగానే ఇచ్చింది, గదికి సున్నం వేయించాలా అని. "నన్నెందుకు అడుగుతున్నారు, వాళ్ళ ఇల్లు కదా" అని తను దాన్ని వదిలేసింది. నేను చెప్పాను, ఆ మేడమీద గది నువ్వు వచ్చినప్పుడు పడుకునే గది. తాతయ్య అడుగుతున్నది సున్నం గురించి కాదు, సంక్రాంతికి వస్తున్నావా అని. నేరుగా అడిగితే నువ్వు రాలేనని చెప్పాల్సి వచ్చి బాధపడతావని అలా అడిగారు.

చెల్లి కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "జనవరిలో నాకు సెమిస్టర్ మొదలవుతుంది, రాలేను" అంది.

జవాబు రాసిన తీరు

మొదటి డ్రాఫ్ట్ ఇంగ్లీష్ ఆఫీస్ ఈమెయిల్‌లా ఉంది. "ఐ హోప్ దిస్ లెటర్ ఫైండ్స్ యూ వెల్" తో మొదలై, ముగ్గురికి కలిపి ఒక థ్యాంక్యూతో ముగిసింది. రెండోదాంట్లో అటు చివరికి వెళ్ళి ప్రతి లైన్‌లో "లవ్ యూ", "మిస్ యూ" చేర్చింది. తాతయ్య ఉత్తరంలో ప్రేమ అనే మాట ఒక్కసారి కూడా లేదు. ఆయన ఆప్యాయత అంతా స్వెట్టర్, వడియాలు, అన్నం లాంటి చిన్న విషయాలు అడగడంలోనే ఉంది. కాబట్టి జవాబులో కూడా ఆప్యాయత వివరాల్లోనే రావాలి. అన్నం దొరుకుతుందా అంటే "యెస్" సరిపోదు. ఏం వండుకుంది, ఎవరితో తింది, అది చెప్పాలి.

ఇంకో ఇబ్బంది. తెలుగులో తను తాతయ్యని "మీరు" అంటుంది, ఇంగ్లీష్‌లో "యూ" తప్ప ఏమీ లేదు. ఆ లోటు పూడ్చడానికి "గ్రాండ్‌ఫాదర్" అని రాయకుండా, ఇంగ్లీష్ అక్షరాల్లోనే "తాతయ్యా" అని వాక్యాల మధ్యలో రెండు మూడు చోట్ల ఉంచాం, మాట్లాడేటప్పుడు పిలిచినట్టు. వడియాలు, అమ్మమ్మ, సంక్రాంతి కూడా అలాగే. వాక్యాలు చిన్నవిగా రాసింది, ఎందుకంటే తాతయ్య ఒక్కొక్కటే చదివి అమ్మమ్మకి తెలుగులో చెప్పాలి కదా.

చివరికి తను ఇంగ్లీష్‌లో రాసింది తెలుగులో చెప్తే సుమారుగా ఇలా ఉంటుంది:

"తాతయ్యా, నేను బాగున్నాను. చలి బాగానే ఉంది, బ్లూ స్వెట్టర్ వేసుకునే ఇది రాస్తున్నాను. వడియాలు అందాయి. సగం నేను, సగం నా రూమ్మేట్ తిన్నాం. తనకి పేరు పలకడం రాదు కానీ డబ్బా ఎక్కడుందో బాగా తెలుసు. హాస్టల్‌లో వంటవాళ్ళు ఉన్నారు, రాత్రిళ్ళు అన్నం నేనే కుక్కర్‌లో పెట్టుకుంటాను. అమ్మమ్మకి చెప్పండి, నూనె ఆదివారం మాత్రమే రాస్తున్నాను, అబద్ధం చెప్పను."

లెక్కల దగ్గర మొదట "మ్యాథ్స్ బాగానే ఉంది" అని రాసింది. ఆయన అడిగింది అది కాదు, కష్టమైన చోటు రాయమన్నారు. తను ఇరుక్కున్న లెక్క ఇది:

```
∫ x·eˣ dx
```

ఇంటిగ్రేషన్ బై పార్ట్స్‌లో eˣ ని మొదటి ఫంక్షన్‌గా తీసుకుంది. చేసే కొద్దీ x కాస్తా x² అయి లెక్క పెద్దదవుతోంది. ఆ తప్పు స్టెప్పులు ఉన్నవి ఉన్నట్టు ఉత్తరంలో రాసేసింది.

సున్నం గురించి రాసిన లైన్లు నేను ముట్టుకోలేదు: "తాతయ్యా, సంక్రాంతికి రాలేను, జనవరిలో క్లాసులు మొదలవుతాయి. మేలో వస్తాను. సున్నం అప్పటిదాకా ఆపండి. ఒక గోడ నేను వేస్తాను."

పంపే ముందు నంబర్లు ఉన్న కాగితం తీసి, జవాబులో ఎదురుగా ఒక్కొక్కటీ కొట్టేసింది. ఎనిమిదీ అయ్యాక తెల్ల కాగితం మీద, అక్షరాలు కలపకుండా, పెద్దగా చేత్తో రాసింది. ఉత్తరం పోస్ట్‌లో బయల్దేరింది. అది చేరడానికి రోజులు పడుతుంది కాబట్టి ఈలోగా పగటి వెలుతురులో ఫొటో తీసి అమ్మమ్మ ఫోన్‌కి డాక్యుమెంట్‌గా పంపింది.

రెండు రోజులకి అమ్మమ్మ ఫోన్ నుంచి ఒక ఫొటో తిరిగొచ్చింది. కొంచెం షేక్ అయింది, పైన నీడ. కానీ x ని మొదటి ఫంక్షన్‌గా తీసుకోమని బాణం గుర్తు, కింద నాలుగు స్టెప్పులు, eˣ(x − 1) + C స్పష్టంగా కనపడుతున్నాయి. మార్జిన్‌లో నిలువుగా ఏదో ఉంది. ఈసారి మా చెల్లి నన్ను అడగకుండానే క్రాప్ చేసి తిప్పి స్కాన్ చేసుకుంది: "గోడ ఉంచాను. బ్రష్ కొనిపెడతాను."