మీ డబ్బు – మా జవాబు

ప్రశ్న: పంట డబ్బు చేతికొచ్చాక ఏటా లక్ష రూపాయలు బ్యాంకులో వేద్దామనుకుంటున్నాను. పదేళ్లు వేస్తాను, వడ్డీ ఏడు శాతం. పది లక్షల మీద పదేళ్లకు ఏడు లక్షల వడ్డీ రావాలి కదా? మా అబ్బాయి అంత రాదంటున్నాడు.
– ఒక రైతు, తెనాలి

జవాబు: మీ అబ్బాయి చెప్పిందే నిజమండీ. మీరు పది లక్షలూ మొదటి రోజే వేసినట్టు లెక్కగట్టారు. ఏడాది చివర వేస్తే మొదటి లక్షకు తొమ్మిదేళ్లే వడ్డీ వస్తుంది, అది 1,83,846 అవుతుంది. పదో లక్ష వేసిన రోజే లెక్క ముగుస్తుంది కాబట్టి దానికి పైసా వడ్డీ రాదు. పదింటినీ చక్రవడ్డీతో కలిపితే 13,81,645 రూపాయలు. అంటే వడ్డీ 3.82 లక్షలే. అదే డబ్బు ఏడాది మొదట్లో వేయగలిగితే ప్రతి లక్షకూ ఇంకో ఏడాది వడ్డీ కలిసి మొత్తం 14,78,360 అవుతుంది. ఏడాది చివర వేసే లెక్కకు సూత్రం ఇదీ:

S = R × [(1 + i)^n − 1] / i

ఇందులో S చివరికి వచ్చే మొత్తం, R ఏటా వేసే సొమ్ము, i వడ్డీ రేటు, n ఏళ్ల సంఖ్య. నెలనెలా వేసేవారు n చోట నెలల సంఖ్య, i చోట నెల వడ్డీ రేటు పెట్టుకోవాలి. ఏడాది రేటును అలాగే ఉంచి నెలలు లెక్కపెడితే కోటీశ్వరులైపోతారు, కాగితం మీద!

ప్రశ్న: జీహెచ్‌ఎంసీ 2018లో 8.90 శాతం వడ్డీకి 200 కోట్ల పదేళ్ల బాండ్లు జారీ చేసిందని చదివాను. ఇంత అప్పు తీర్చడానికి సింకింగ్ ఫండ్‌లో ఏటా ఎంత వేయాలి?
– బీకామ్ విద్యార్థిని, హైదరాబాద్

జవాబు: ఆ సంస్థ అసలు ఏర్పాటు ఎలా ఉన్నా, లెక్క కోసం 200 కోట్లూ పదో ఏడాది చివర ఒకేసారి తీర్చాలనీ, నిధి మీద ఏడు శాతం వస్తుందనీ అనుకుందాం. పై రైతు గారి లెక్కనే తిరగేయండి. ఏటా రూపాయి వేస్తే పదేళ్లకు 13.8164 అవుతుంది. 200 కోట్లను దానితో భాగిస్తే ఏటా 14.48 కోట్లు వస్తుంది.

విద్యార్థులు ఎక్కువగా తడబడేది ఇక్కడే. ఈ సొమ్ము అసలు తీర్చడానికి మాత్రమే. బాండ్లు కొన్నవారికి 8.90 శాతం చొప్పున ఏటా 17.80 కోట్ల వడ్డీ విడిగా కట్టాలి. రెండూ కలిపితే ఏడాదికి 32.28 కోట్లు. భాగించేటప్పుడు వాడాల్సింది నిధి సంపాదించే ఏడు శాతమే, బాండ్ల వడ్డీ రేటు కాదు.

ఆ ఏడు శాతం పదేళ్లూ నిలవకపోవచ్చు. ఐదో ఏడాది చివర నిధిలో 83.24 కోట్లు ఉండాలి. అప్పటినుంచి ఆరు శాతమే వస్తే ఆ సొమ్ము పదో ఏటికి 111.40 కోట్లకు పెరుగుతుంది. మిగతా 88.60 కోట్లను ఆరు శాతానికి వచ్చే ఐదేళ్ల అంకె 5.6371తో భాగిస్తే, ఇకపై ఏటా వేయాల్సింది 15.72 కోట్లు. పాత 14.48 కోట్లే వేస్తూ పోతే చివర్లో దాదాపు 7 కోట్లు తక్కువ పడతాయి. ఐదో ఏడాది లెక్కల్లోనే 83.24 కోట్లకు తక్కువ కనిపిస్తే మాత్రం ఒక వాయిదా ఎగ్గొట్టి ఉండాలి, నిధిని వేరే ఖర్చుకు మళ్లించి ఉండాలి, లేదా రాబడి అప్పటికే తగ్గి ఉండాలి.