హోటల్ రిసెప్షన్‌లో డ్యూటీ ఎక్కే ముందు చదివే మూడు కాగితాలు

గోడపత్రికకు ఏదైనా పని నేర్పే పాఠం రాసి పంపమని సారు అడిగినందున, నేను రోజూ చేసే పని గురించే రాస్తున్నాను.

మన నారాయణఖేడ్‌లో హోటల్ అంటే చాయ్, ఇడ్లీ దొరికే చోటు. రాత్రి పండుకునే చోటును లాడ్జి అంటాం. హైదరాబాదులో రెండింటినీ హోటల్ అనే అంటారు. నేను పంజాగుట్ట దిక్కున 36 గదులున్న ఒక హోటల్లో రిసెప్షన్‌లో పని చేస్తున్నాను. నిమ్స్ ఆసుపత్రి దగ్గర కాబట్టి మాకు వచ్చేవాళ్లలో సగం మంది రోగుల వెంట వచ్చినవారే ఉంటారు. మన ఖేడ్ నుంచి, జోగిపేట నుంచి కూడా వస్తుంటారు.

మా కౌంటర్లో రోజుకు మూడు డ్యూటీలు. పొద్దున 7 నుంచి 3, మధ్యాహ్నం 3 నుంచి రాత్రి 11, రాత్రి 11 నుంచి తెల్లవారి 7. నాది ఎక్కువగా మధ్యాహ్నం డ్యూటీ. 3 గంటల డ్యూటీకి 2-40 కే కౌంటర్ వెనక నిలబడాలి. ఆ ఇరవై నిమిషాల్లో గల్లా డబ్బులు, తాళంచెవులు లెక్క చూసుకోవడం ఒక పని. అది మీకు చెప్పనవసరం లేదు, మన స్టోర్ రూములో స్టాక్ రిజిస్టర్ చూసుకున్నట్టే. అసలు పని చదవడం. చదవవలసినవి మూడు: లాగ్ బుక్కు, ఆ రోజు వచ్చేవాళ్ల జాబితా, ఇంకా తీరని కోరికల రిజిస్టరు.

లాగ్ బుక్కు అంటే ఒక డ్యూటీ వాళ్లు ఇంకో డ్యూటీ వాళ్లకు రాసిపెట్టే పుస్తకం. హాస్టల్లో రాత్రి డ్యూటీ సారు, ఫలానా పిల్లవానికి జ్వరం, గోలీ ఇచ్చినాము, పొద్దున మళ్లీ చూడాలి అని రాస్తారు గదా, అదే పద్ధతి. దీన్ని చివరి పేజీ నుంచి చదవకూడదు. మనం పోయినసారి సంతకం పెట్టిన చోటి నుంచి చదవాలి. నిన్న నాకు సెలవైతే నిన్నటి మూడు డ్యూటీలూ చదవాలి. ఎందుకంటే నిన్న రాసిన మాట ఇంకా తీరలేదేమో, ఇవాళ పొద్దున డ్యూటీ ఆయన అది అందరికీ తెలిసిందే గదా అని మళ్లీ రాయకపోవచ్చు.

వచ్చేవాళ్ల జాబితాలో పేరు, ఊరు, ఫోన్ నంబరు, ఎన్ని రాత్రులు, ఎంతమంది, ఏ గది ఇవ్వాలనుకున్నాం, ఎన్ని గంటలకు వస్తామన్నారు, డబ్బు ముందే కట్టారా, వచ్చాక కడతారా అన్నవి ఉంటాయి. విదేశీయులు ఉంటే పక్కన గుర్తు పెడతాం. వాళ్లు దిగిన 24 గంటల్లోగా పాస్‌పోర్టు వివరాలు విదేశీయుల నమోదు కార్యాలయానికి ఆన్‌లైన్‌లో పంపాలి.

కోరికల రిజిస్టరులో 205కు ఇంకో దుప్పటి, 301కి తెల్లవారి నాలుగున్నరకు లేపాలి, ఇట్లాంటివి ఉంటాయి. చిన్నచిన్న మాటలే. ఇందులో చూడవలసింది ‘చెప్పాము’ అని రాసి ఉన్నదా, ‘ఇచ్చాము’ అని రాసి ఉన్నదా అని. చెప్పడం వేరు, ఇవ్వడం వేరు. ‘హౌస్ కీపింగ్‌కు చెప్పాము’ అని ఉంటే ఆ దుప్పటి ఇంకా అందలేదనే అనుకోవాలి. గదికి ఫోన్ చేసి అడిగిన తర్వాతనే కొట్టేయాలి.

ఇంతవరకు ఎవరైనా రెండు రోజుల్లో నేర్చుకుంటారు. కష్టమంతా మూడింటినీ కలిపి చదవడంలో ఉన్నది. ఒక్కొక్క కాగితం చూస్తే ఏ తప్పూ కనపడదు. పక్కపక్కన పెడితేనే చిక్కు బయటపడుతుంది. నేను చూసిన ఒక రోజు సంగతి చెబుతాను.

ఆ రోజు లాగ్ బుక్కులో పొద్దున డ్యూటీ ఆయన ఇట్లా రాసిండు: ‘12-20కి లిఫ్టు ఆగింది. మెకానిక్‌కు ఫోన్ చేశాము. సాయంత్రం 7 లోపు వస్తానన్నాడు.’ సరే, లిఫ్టు అప్పుడప్పుడు ఆగుతూనే ఉంటుంది.

జాబితాలో 12 మంది పేర్లున్నాయి. అందులో రాథోడ్ అనే ఇంటిపేరు రెండుసార్లు ఉన్నది. ఒకరిది నారాయణఖేడ్, నాలుగు గంటలకు వస్తారు, గది 304. ఇంకొకరిది ఉట్నూరు, ఐదు గంటలకు, గది 207.

కోరికల రిజిస్టరులో: ‘రాథోడ్ గారు, 304. తండ్రికి తుంటి ఆపరేషన్, నిమ్స్‌లో డిశ్చార్జి అయి వస్తున్నారు. చక్రాల కుర్చీ కావాలి. ఒక పరుపు ఎక్కువ వేయాలి.’ దాని పక్కన ‘పరుపు వేశాము’ అని టిక్కు కూడా ఉన్నది.

ఇప్పుడు కలిపి చూడండి. తుంటి ఆపరేషన్ అయిన ముసలాయన నాలుగు గంటలకు వస్తడు. గది మూడో అంతస్తులో. లిఫ్టు ఏడు దాకా నడవదు. చక్రాల కుర్చీ ఉన్నది కానీ అది మెట్లెక్కదు. కుట్లు తీయించుకునేదాకా ఊరికి పోలేక ఇక్కడ దిగుతున్న మనిషిని నలుగురు కలిసి మెట్ల మీద ఎత్తుకుపోతే, మధ్యలో కాలు మెలిపడ్డా, ఎవరిదైనా చెయ్యి జారినా మళ్లీ ఆసుపత్రికే. ఆ కోరిక ముందురోజు రాసుకున్నారు, అప్పుడు లిఫ్టు బాగానే ఉన్నది. లిఫ్టు సంగతి రాసినాయన అప్పటికే టిక్కు పడ్డ కోరికను మళ్లీ తీసి చూడలేదు.

నేను డ్యూటీ దిగే ఆయనను పోనివ్వకుండా ఒక మాట అడిగిన, “అన్నా, మెకానిక్ మళ్లీ ఫోన్ చేసిండా?” “లేదు తమ్మీ, నేను కూడా చెయ్యలే” అన్నడు. నేను చేస్తే, బేగంపేటలో ఇంకో పని మీద ఉన్న, ఏడు కాదు, ఎనిమిది అవుతది అన్నడు మెకానిక్. అంటే పుస్తకంలో ఉన్న టైము కూడా నిజం కాదన్నమాట. ఎవరైనా వస్తానన్న టైము రాసి ఉంటే, ఆ మాట ఎన్నింటికి చెప్పిందో చూసి, పాతదైతే మళ్లీ అడగాలి.

ఇక కింది అంతస్తు. అక్కడ మావి నాలుగే గదులు. 101లో ఉన్నవాళ్లు రేపటిదాకా ఉంటారు. 102 స్నానాలగదిలో టైల్స్ పని నడుస్తున్నది, ఇవ్వరాదు. 103 వాళ్లు పొద్దున్నే ఖాళీ చేయవలసింది, కానీ సాయంత్రం 6 దాకా ఉండనిస్తామని పొద్దున డ్యూటీలో మాట ఇచ్చారు. అదీ లాగ్ బుక్కులోనే ఉన్నది. ఇచ్చిన మాట మేనేజరు ఇచ్చినా స్వీపరు ఇచ్చినా హోటల్ మాటే కాబట్టి వాళ్లను లేపరాదు. మిగిలింది 104. కడిగి, తుడిచి తయారుగా ఉన్నది. కానీ జాబితాలో అది మందుల కంపెనీ పని మీద తిరిగే ఒకాయనకు రాసి ఉన్నది. ఆయన ఒక్కడే, రాత్రి ఎనిమిదికి వస్తడు.

మార్చుకోవచ్చునా? మూడు సంగతులు చూసిన. రెండు గదుల రేటు ఒకటేనా? ఒకటే. ఆయన కింది గదే కావాలని అడిగిండా? కోరికల రిజిస్టరులో ఆయన పేరు మీద ఏమీ లేదు. ఎనిమిదికి లిఫ్టు నడవకపోయినా ఆయన మెట్లెక్కగలడా? ఫోన్ చేసి అడిగితే, ఏం ఫరవాలేదు, పైన చప్పుడు తక్కువ గదా అన్నడు. అడగకుండా మార్చినా చాలామంది ఏమనరు. కానీ అడిగితే, రాత్రి వచ్చి కౌంటర్ దగ్గర గొడవపడే పని ఉండదు.

గది మారిస్తే పని అయిపోయిందనుకుంటారు, ఇక్కడే చాలామంది పడిపోతారు. ఎక్కువ పరుపు 304లో వేసి ఉన్నది. రిజిస్టరులో టిక్కు ఉన్నది కాబట్టి ఇక ఎవరూ దాన్ని చూడరు. ముసలాయన 104కు పోతాడు, ఆయన కొడుకు పండుకునే పరుపు మూడో అంతస్తులో ఉంటుంది. కోరిక మనిషిది, గదిది కాదు. మనిషి ఏ గదికి పోతే కోరిక ఆ గదికి పోవాలి. అందుకే 304 అన్నది కొట్టేసి 104 అని రాసి, టిక్కు తీసేసి, హౌస్ కీపింగ్‌కు మళ్లీ చెప్పిన. కుర్చీని గేటు దగ్గర పెట్టమని వాచ్‌మన్‌కు చెప్పిన.

ఇద్దరు రాథోడ్‌ల సంగతి ఇంకా ఉన్నది. మన స్కూలు హాజరు పట్టీలో రాథోడ్‌లు, పవార్‌లు, చవాన్‌లు ఎంతమంది ఉంటారో మీకు తెలుసు. సారు తండ్రి పేరుతో కలిపి పిలుస్తారు. హైదరాబాదులో పుట్టి పెరిగిన వాళ్లకు ఆ అలవాటు ఉండదు, రాథోడ్ అనగానే దొరికిన తాళంచెవి ఇచ్చేస్తారు. ఉట్నూరు వాళ్లు గంట ముందే వస్తే 104 వాళ్లకే పోతుంది. నేను జాబితాలో ఇద్దరి పేర్ల పక్కన ఊరు, ఫోన్ నంబరు చివరి నాలుగు అంకెలు ఎర్ర పెన్నుతో రాసిన. వచ్చినవారిని “మీ పేరు రాథోడేనా” అని అడగరాదు, ఇద్దరూ అవుననే అంటారు. “ఏ ఊరు నుంచి వస్తున్నారు, ఫోన్ నంబరు చెప్పండి” అని అడగాలి.

చివరగా గదుల లెక్క. ఒకటి పనికి రాదు కాబట్టి 35. రాత్రి ఉండిపోయేవి 21. వచ్చేవాళ్లు 12. మొత్తం 33, అంటే ఇంకా రెండు గదులు అమ్ముకోవచ్చు. ఇది రాత్రి లెక్క. మూడు గంటల లెక్క వేరు. ఉండిపోయేవి 21 తీసేస్తే మిగిలిన 14లో 9 తయారు, 3 ఇంకా తుడవాలి, 2 గదుల్లో మనుషులు ఇంకా దిగలేదు. ఆరు లోపు వచ్చేవాళ్లు ఏడుగురు. 9 ఉన్నవి కాబట్టి ఇబ్బంది లేదు. తయారైనవి ఐదే ఉంటే, ఏ గది ముందు తుడవాలో హౌస్ కీపింగ్‌కు వచ్చేవాళ్ల టైము చూసి నేనే చెప్పాలి. లేకపోతే వాళ్లు వరుసగా మూడో అంతస్తు నుంచి కిందికి వస్తారు.

3-50కి ఆటో కాదు, ఆసుపత్రి బండే వచ్చింది, పది నిమిషాలు ముందుగానే. ముసలాయన కుర్చీలో కూర్చుని నేరుగా 104లోకి పోయిండు. లిఫ్టు ఎనిమిదికి కూడా బాగు కాలేదు. సామాను దొరకక మెకానిక్ రేపు పొద్దున వస్తానని పోయిండు.

రాత్రి 11కి దిగేముందు నేను లాగ్ బుక్కులో రాసింది ఇది:

‘3-10: లిఫ్టు ఆగి ఉన్నందున నారాయణఖేడ్ రాథోడ్ గారిని 304 నుంచి 104కు మార్చాను. 104 వారిని అడిగి 304 ఇచ్చాను. పరుపు 104లో వేసింది కళ్లతో చూశాను. ఉట్నూరు రాథోడ్ గారు 207లోనే ఉన్నారు. 8-15: లిఫ్టు బాగు కాలేదు, మెకానిక్ రేపు 10 గంటలకు వస్తానన్నాడు, 9-30కి ఫోన్ చేసి అడగాలి. రాత్రి డ్యూటీ వారికి: 301ని తెల్లవారి 4-30కి లేపాలి, ఇంకా తీరలేదు. వారికి పెద్ద పెట్టెలు రెండున్నాయి, లిఫ్టు లేదు కాబట్టి 4-45కు ఒక బాయ్‌ని పైకి పంపాలి.’