లైకులు చూసి రిపీట్ చేయొద్దు: సేవ్స్, షేర్స్ లెక్క ఇలా చూడండి

ఇన్‌స్టాలో టెక్ పేజీ నడిపేవాళ్లు పాత పోస్టుల్లో ఏది మళ్లీ పెట్టాలో తేల్చుకోవడానికి ముందు లైకులే చూస్తారు. నేను మాత్రం వాటిని చివర్లో చూస్తాను. ఎందుకో ఒక ఉదాహరణతో చెప్తాను.

నరసరావుపేటలో ఒక గ్యాడ్జెట్ పేజీ ఉందనుకుందాం. శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లలో విద్యుత్ ప్రభలను నైట్ మోడ్‌లో తీసిన ఫొటో ఒక పోస్టు. జనంలో ఫోన్ పోతే CEIRలో ఎలా బ్లాక్ చేయాలో చెప్పేది ఇంకో పోస్టు.

ప్రభల ఫొటో 8,000 మందికి చేరింది: 640 లైకులు, 16 సేవ్స్, 24 షేర్స్.
CEIR పోస్టు 3,000 మందికి చేరింది: 90 లైకులు, 120 సేవ్స్, 150 షేర్స్.

రీచ్‌తో భాగించండి

ఈ అంకెలను నేరుగా పోల్చకూడదు, ఎందుకంటే రీచ్ వేరు. పోస్టు కింద View insights నొక్కి, ప్రతి అంకెనూ రీచ్‌తో భాగించి వందతో గుణించండి. లైకుల్లో ఫొటోకి 8 శాతం, CEIRకి 3 శాతం. సేవ్స్‌లో ఫొటోకి 0.2, CEIRకి 4. షేర్స్‌లో ఫొటోకి 0.3, CEIRకి 5. ఆట తిరగబడింది కదా!

ఎందుకిలా?

లైక్ అంటే "బాగుంది" అని చెప్పి ముందుకెళ్లిపోవడం. సేవ్ అంటే "మళ్లీ కావాలి". షేర్ అంటే "మా తమ్ముడికీ పనికొస్తుంది". ఇన్‌స్టాగ్రామ్ హెడ్ ఆడమ్ మొస్సేరి 2025 జనవరిలో చెప్పింది కూడా దీనికి దగ్గరే: ఫాలోవర్లకు చూపించడంలో లైకుల ప్రభావం కాస్త ఎక్కువ, కొత్తవాళ్లకు చేర్చడంలో సెండ్స్ ప్రభావం ఎక్కువ. రిపీట్ చేసేదే మొదటిసారి చూడనివాళ్ల కోసం. అందుకే CEIR పోస్టే గెలుస్తుంది.

ఎక్కడ మోసపోతాం?

"షేర్ చేస్తే ఇయర్‌బడ్స్ ఫ్రీ" లాంటి పోస్టును ఈ లెక్కలోంచి తీసేయండి, ఆ షేర్స్ బహుమతి కోసం వచ్చినవి. మీమ్‌కి షేర్స్ బాగా వచ్చి సేవ్స్ అసలు లేకపోతే, ఆ జోక్ వేడి చల్లారిందేమో చూసుకోండి. ఆఫర్ ధరల పోస్టుకు సేవ్స్ ఎన్నున్నా ధర మారితే పనికిరాదు. రీచ్ 200 లోపుంటే నలుగురు స్నేహితులు సేవ్ చేసినా శాతం 2 పెరుగుతుంది, కాబట్టి దాన్ని నమ్మను.

మళ్లీ పెట్టే ముందు

సమాచారం సరిచూడండి. CEIR పోస్టు 2024 నాటిదైతే, 2025 జనవరిలో వచ్చిన సంచార్ సాథీ యాప్ సంగతి చేర్చాలి. మొదటి స్లైడ్‌లోనే *#06# డయల్ చేసి IMEI రాసిపెట్టుకోమని చెప్పండి, ఫోన్ పోయాక అది చూడలేం కదా. తిరునాళ్లకు వారం ముందు పోస్ట్ చేయండి. ఈసారి సేవ్ శాతం 4 నుంచి 2 కంటే కిందకి పడితే, కావాల్సినవాళ్లకు ఇప్పటికే చేరిందని అర్థం. అప్పుడు దాన్ని పక్కన పెట్టి, లిస్టులో తర్వాతి పోస్టు చూసుకోండి.